పట్టా మార్పిడి అంతా మెషీన్‌కి వదిలేయమని అడగొద్దు

కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

తాలూకా ఆఫీసుకి మనం ఇవ్వబోయే వినతిపత్రం ముసాయిదాలో మూడో కోరిక ఇలా ఉంది: "పెండింగులో ఉన్న పట్టా మార్పిడి దరఖాస్తులన్నీ గడువు దాటగానే వాటంతట అవే ఆమోదం పొందాలి." దీని మీద నేను సంతకం పెట్టను. మీరూ పెట్టొద్దనే ఈ రాత.

ఈ కోరిక వెనక ఉన్న కోపం నాకూ ఉంది. దస్తావేజు రిజిస్టరైనా పట్టా పాతపేరు మీదే ఉంటే బ్యాంకులో పంట అప్పు పుట్టదు. వి.ఏ.ఓ. దగ్గరికి, సర్వేయరు దగ్గరికి, తాసిల్దారు ఆఫీసుకి తిరిగి తిరిగి చెప్పులరిగినవాళ్లు మనలో ఎంతోమంది. కానీ కోపంలో అడిగినది రేపు మన ఇంటి ఆడపిల్ల మీదికో, మన తమ్ముడి మీదికో తిరగబడుతుంది. ఎలాగో చెప్తాను.

మొదట, మెషీన్‌కి వదలదగ్గ పని ఏది? తమిళనాడులో పట్టా మార్పిడి రెండు రకాలు. సర్వే నంబరులోని సబ్‌డివిజన్‌ని చీల్చకుండా మొత్తంగా చేతులు మారితే ఎన్.ఐ.ఎస్.డి. అంటారు. అందులో కొంత ముక్క కోసి అమ్మితే ఐ.ఎస్.డి. అంటారు. మొదటి రకంలో, పట్టాలో ఉన్న మనిషే అమ్మినవాడై, అతనొక్కడి పేరే పట్టాలో ఉండి, విస్తీర్ణం మొత్తం అమ్ముడైతే, ఆఫీసరు తేల్చవలసింది ఏమీ లేదు. అమ్మినవాడు రిజిస్ట్రారు ముందు సంతకం పెట్టాడు, వేలిముద్ర వేశాడు. కొలత మారలేదు. సంతకం పెట్టని మూడో మనిషి ఎవరికీ నష్టం లేదు. ఇలాంటి వాటికి ఎవరి చేయీ పడకుండా పేరు మారే ఏర్పాటు ఇప్పటికే ఉంది, అది మంచిది. అక్కడ వి.ఏ.ఓ. సంతకం కోసం ఆపడమంటే లంచానికి తలుపు తెరవడమే.

ఇప్పుడు రెండో వైపు చూడండి. ఒక ఉదాహరణ కట్టి చెప్తాను. ఒక సబ్‌డివిజన్ 0.81 హెక్టేరు, అంటే రెండెకరాలు. పట్టా ఇద్దరు అన్నదమ్ముల పేర్ల మీద జాయింటుగా ఉంది. భాగపత్రం రాసుకోలేదు. అన్న "ఉత్తరం వైపు ఒక ఎకరా నాది" అని బయటివాడికి రిజిస్టరు చేశాడు. ఆ ఉత్తరం వైపే బావి ఉంది, దారి ఉంది. న్యాయంగా ఇది ఐ.ఎస్.డి. సర్వేయరు వచ్చి కొలవాలి, ఎఫ్.ఎం.బి. పటంలో కొత్త గీత పడాలి, తమ్ముడికి నోటీసు వెళ్లాలి. కానీ దరఖాస్తులో ఎన్.ఐ.ఎస్.డి. అని నింపితే కొలత అవసరం ఉండదు. అప్పుడు కొన్నవాడి పేరు తమ్ముడి పేరు పక్కన జాయింటు పట్టాలో చేరుతుంది. ఏ రకమో రాసేది ఎవరు? లాభం పొందేవాడే! గడువు దాటగానే ఆమోదం అన్నారంటే, తమ్ముడు ఏ కాగితం మీదా సంతకం పెట్టకుండానే ముక్కూమొహం తెలియని మనిషితో కలిసి పట్టాదారు అవుతాడు. రేపు బావి నీళ్ల కాడ తగువు, దారి కాడ తగువు.

ఇక వారసత్వం. తండ్రి పోయాక పట్టా పిల్లల పేర్ల మీదికి రావాలి. 2005 సవరణ తర్వాత ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు. తమిళనాడు 1989లోనే, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఆ హక్కు ఇచ్చింది. అయినా మన హోసూరు పక్క ఇళ్లలో ఆడపిల్లను కుప్పానికో, చిత్తూరుకో, బెంగళూరుకో ఇచ్చేస్తాం. వారసుల పత్రంలో అమ్మాయి పేరు వదిలేస్తే మెషీన్‌కి ఎలా తెలుస్తుంది? దాని ముందున్న కాగితంలో ఇద్దరే కొడుకులు. "ఆ ఇంట్లో ఇంకో ఆడపిల్ల ఉందే" అని చెప్పగలిగేది ఊళ్లో విచారించిన మనిషే. ఈ దరఖాస్తు ఎంత పాతదైనా, మనిషి కళ్లు పడకుండా పోకూడదు.

మూడోది మన తెలుగువాళ్లకే ప్రత్యేకం. పట్టా తమిళ లిపిలో ఉంటుంది. తమిళంలో ప, బ రెంటికీ ఒకే అక్షరం; క, గ రెంటికీ ఒకటే. మన పాపన్న, బాపన్న ఆ రాతలో ఒకే మనిషైపోగలరు. పైగా తాత పేరు మనవళ్లకు పెట్టే ఆచారం మనది. అన్నదమ్ముల పిల్లల్లో ఇద్దరు వెంకటప్పలు ఉండడం వింత కాదు. అంటే పేరొక్కటే పోల్చి చూసే మెషీన్ వేరే మనిషిని సొంతదారు అనుకోవచ్చు. దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. దస్తావేజులో మనం ఇంటిపేరు మొదటి అక్షరం రాస్తాం, పట్టాలో తండ్రి పేరు మొదటి అక్షరం ఉంటుంది. ఒకే మనిషి ఇద్దరు మనుషుల్లాగా కనిపిస్తాడు.

అందుకే పేరు, తండ్రి పేరు, విస్తీర్ణం మూడూ అక్షరం తేడా లేకుండా కలిస్తేనే తానుగా మారాలి. కలవకపోతే తిరస్కరించకూడదు, మనిషి ముందుకి పంపాలి. మెషీన్‌కి "సరే" అనే అధికారం కొన్నిచోట్ల ఇద్దాం. "లేదు" అనే అధికారం ఎక్కడా వద్దు.

"తప్పు పడితే అప్పీలు ఉందిగా" అని ఒక సభ్యుడు అన్నారు. ఉంది. 1983 పట్టా పాస్‌బుక్ చట్టం ప్రకారం తాసిల్దారు ఉత్తరువు మీద ఆర్.డి.ఓ.కి, ఆ పైన డి.ఆర్.ఓ.కి పోవచ్చు. కానీ తెలిసినవాడే కదా అప్పీలు చేసేది! పేరు మారిన సంగతి కుప్పంలో ఉన్న అమ్మాయికి ఎవరు చెప్తారు? ఆమెకు తెలిసేలోపు కొత్త పట్టా చూపించి ఆ భూమి ఇంకొకరికి అమ్మేసి ఉంటారు. పట్టా ఒక్కటే సొంతదారు హక్కు కాదని కోర్టులు ఎన్నిసార్లు చెప్పినా, కొనేవాడు మొదట అడిగేది పట్టానే. మార్చడం ఒక్క నొక్కు, వెనక్కి తిప్పడం ఏళ్ల తరబడి కోర్టు. ఈ తేడా ఉన్నచోట ముందే మనిషి చూడాలి.

మరి వి.ఏ.ఓ. ఫైలు మీద కూర్చుంటే? దానికి మందు ఆమోదం కాదు, పై అధికారి. గడువు దాటితే దరఖాస్తు దానంతట అదే ఆమోదం పొందడం కాదు, దానంతట అదే పైమెట్టుకి పోవాలి. ఆలస్యం చేసినవాడి పేరు దాని మీద కనిపించాలి. ఆలస్యం ఆఫీసరు తప్పు. దానికి శిక్ష తమ్ముడికీ చెల్లెలికీ ఎందుకు?

మనిషి చూడడమంటే ఉత్తినే బటన్ నొక్కడం కూడా కాదు. నోటీసు ఎవరెవరికి వెళ్లింది, కొలత ఏ తేదీన జరిగింది, ఊళ్లో ఎవరిని అడిగారు అన్నవి ఉత్తరువులో రాయాలి. అవి లేని సంతకం మెషీన్ కన్నా హీనం.

కాబట్టి మూడో కోరికను ఇలా మార్చమని సంఘాన్ని కోరుతున్నాను. ఒక్కడి పట్టా, మొత్తం విస్తీర్ణం, పేర్లు పూర్తిగా కలిసిన దస్తావేజు అయితే మనిషి జోక్యం లేకుండా వెంటనే మారాలి. పాత పట్టాదారుకి మెసేజీ పోవాలి. ముక్క అమ్మకం, జాయింటు పట్టా, వారసత్వం, పేరు తేడా ఈ నాలుగింటిలో నోటీసు, విచారణ లేకుండా మార్పు ఉండకూడదు. ఏది ముక్క అమ్మకమో దరఖాస్తుదారు చెప్పడం కాదు, దస్తావేజు విస్తీర్ణాన్ని పట్టా విస్తీర్ణంతో పోల్చి ఆఫీసే తేల్చాలి. గడువు దాటితే పై అధికారికి.

ఇలా మారిస్తే మొదటి సంతకం నాది. మార్చకపోతే, వినతిపత్రం ఇచ్చే రోజు నా అభ్యంతరం కూడా దానికి జతపరచమని కోరుతున్నాను. ఒప్పుకోనివారు వాదించండి, కానీ మీ ఇంటి పట్టా ఒకసారి ముందు పెట్టుకుని, అందులో లేని పేర్లెవరివో చూసుకుని వాదించండి.