ఎవరికి ఉత్తమం ఈ జవాబు?

2011లో సివిల్స్ ప్రిలిమ్స్‌కు సీశాట్ పేపర్ తెచ్చిన్రు. "నువ్వు ఆఫీసర్‌వి, ఏం చేస్తవు?" అని కొన్ని ప్రశ్నలడిగిన్రు. నాలుగు జవాబుల్లో బాగా పనిచేసేది ఎంచాలె.

నారాయణఖేడ్‌లో మా పోరగాండ్లకు నేనొక ప్రశ్న ఇచ్చిన. నువ్వు ఎస్సైవి. హోటల్లో వేరే గ్లాసు పెట్టిన్రని మాదిగ పిలగాడు ఫిర్యాదు తెచ్చిండు. ఒకటి: పెద్దమనుషులను పిలిచి రాజీ చెయ్యి. రెండు: డీఎస్పీకి చెప్పి ఊకో. మూడు: ఎఫ్ఐఆర్ కట్టు. నాలుగు: ఎలక్షన్లు అయ్యేదాక ఆగు.

చాలామంది ఒకటే పెట్టిన్రు. "ఊరు సల్లగుంటది సార్" అన్నరు. ఊరంటే ఎవరు? వేరే గ్లాసు 1955 పౌరహక్కుల చట్టం కింద నేరం. 2015 సవరణతో అట్రాసిటీ చట్టంలోనూ చేరింది. ఆ చట్టం 4వ సెక్షన్ ప్రకారం, కావాలని ఎఫ్ఐఆర్ కట్టని ఎస్సీ, ఎస్టీ కాని అధికారికే ఆరు నెలల నుంచి ఏడాది జైలు. దర్యాప్తు డీఎస్పీ చెయ్యాలె. అందుకే మూడు ముందు, డీఎస్పీకి చెప్పుడు దాని వెంట. ఒకటి, నాలుగు విధి తప్పుడే.

గొడవ అణిగితే "పనిచేసింది" అని మార్కులేస్తే, గ్లాసు మాత్రం అట్లనే ఉంటది. తమ్ముడూ, చెల్లే! జవాబు ఎంచే ముందు అడుగు: చట్టం ఏమంటది? దెబ్బ తిన్నోడికి ఏం మిగులుతది?

జై భీమ్!