మొదటి జీతాలు, విద్యారుణం
తిరువూరు నుంచి హైదరాబాద్ వెళ్లి కొలువులో చేరిన ఇంజినీరుకు 4 లక్షల విద్యారుణం ఉందనుకుందాం. వడ్డీ 10 శాతం, గడువు 10 ఏళ్లయితే నెలవాయిదా దాదాపు 5,290 రూపాయలు. మొదటి జీతంతోనే సిప్ కట్టమని తోటివాళ్లు తొందరపెడతారు. అంతకన్నా ముందు 3 నెలల ఖర్చు బ్యాంకులో పక్కన పెట్టుకోవడం మేలు. ఉద్యోగం పోయినా వాయిదా ఆగదు కదా. ఆ తర్వాత నెలనెలా మరో 2,000 అసలుకు జమచేస్తే అప్పు 6 ఏళ్ల 2 నెలల్లో తీరుతుంది, వడ్డీలో సుమారు 97 వేలు మిగులుతాయి. ఏ ఈక్విటీ ఫండూ ఇంత ఖాయమైన లాభం చూపలేదు. పైగా వడ్డీపై 80ఈ మినహాయింపు పాత పన్ను విధానం ఎంచుకున్నవారికే. ఇక జీతంలోంచి పీఎఫ్ కోత పడుతుంటే దీర్ఘకాలిక పొదుపు అప్పటికే మొదలైనట్టు; ఉద్యోగం మారినప్పుడు దాన్ని తీసేసుకోకుండా కొత్త సంస్థ ఖాతాకు బదిలీ చేయించుకోవాలి.