పోర్ట్ తెరిచినా గేటు తెరుచుకోదేం?

పార్టీలో ముగ్గురున్నారు. మీ మాట ఒకడికి వినిపిస్తుంది, ఇంకొకడికి వినిపించదు. ‘నెట్ స్లో’ అని వైఫైని తిట్టకండి. స్పీడ్ 200 ఎంబీపీఎస్ ఉన్నా ఇలా జరుగుతుంది. కారణం నాట్.

మీ రౌటర్‌ని అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అనుకోండి. లోపలివాళ్లు ఆర్డర్ చేసిన పార్సిల్ వస్తే, ఏ ఫ్లాట్‌కో గుర్తుపెట్టుకుని పంపిస్తాడు. ఎవరూ పిలవకుండా వచ్చినవాణ్ని గేటు దగ్గరే ఆపేస్తాడు. కొన్ని గేముల్లో లాబీ, వాయిస్ నేరుగా ఒక ప్లేయర్ నుంచి ఇంకో ప్లేయర్‌కి వెళ్తాయి. అక్కడే ఈ ఆపడం దెబ్బకొడుతుంది. కంపెనీ సర్వర్ మీద నడిచే గేములకు ఈ బాధ తక్కువ. అందుకే ఒక గేమ్ ఆడగలిగి, ఇంకోటి ఆడలేరు.

ఎక్స్‌బాక్స్ దీన్ని మూడు రకాలుగా చూపిస్తుంది. ఓపెన్ ఉన్నవాడు అందరితో కలుస్తాడు. మోడరేట్‌కి ఓపెన్, మోడరేట్‌లతో కుదురుతుంది. స్ట్రిక్ట్‌కి ఓపెన్ తప్ప దిక్కులేదు. మా తమ్ముడిది స్ట్రిక్ట్. వాడి ఫ్రెండ్స్‌లో ఒకడిది ఓపెన్, ఒకడిది మోడరేట్. మొదటివాడితో హాయిగా మాట్లాడతాడు, రెండోవాడు మాత్రం వినపడడు.

యూట్యూబ్ చూసి పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టాడు. కన్సోల్‌కి 192.168.1.50 అని మారని ఐపీ ఇచ్చి, యూడీపీ 3074ని దానికి కలిపాడు. అంటే, ‘3074 అని వచ్చినవాళ్లను ఈ ఫ్లాట్‌కి పంపు’ అని వాచ్‌మన్‌కి చెప్పాడన్నమాట. అంతా కరెక్టే. అయినా స్ట్రిక్టే!

రౌటర్ పేజీలో WAN IP చూశాం. 100.72.15.8 అని ఉంది. అదే వైఫైలో గూగుల్‌లో ‘what is my ip’ అని వెతికితే వేరే నంబర్ వచ్చింది. విషయం అర్థమైంది. ఐపీవీ4 అడ్రస్‌లు చాలక, నెట్ కంపెనీలు ఒకే అడ్రస్‌ని చాలామంది కస్టమర్లకు పంచుతాయి. దీన్ని సీజీనాట్ అంటారు. 100.64 నుంచి 100.127 వరకు ఉన్న అడ్రస్‌లు దీనికోసమే కేటాయించారు. మన వాచ్‌మన్‌కి అవతల కాలనీ గేటు దగ్గర ఇంకో వాచ్‌మన్ ఉన్నాడు. మన మాట అతను వినడు.

కాబట్టి పోర్ట్‌లు ముట్టుకునే ముందు ఆ రెండు నంబర్లు పోల్చండి. ఒకటే అయితే రౌటర్‌లో UPnP ఆన్ చేసి చూడండి, కుదరకపోతే ఫార్వర్డింగ్ పెట్టండి. WAN IP 192.168తో మొదలైతే, ఇంట్లోనే రెండు రౌటర్లు ఒకదాని వెనక ఒకటి ఉండొచ్చు. ముందున్నదాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించండి. 100.64–100.127 మధ్య ఉంటే మీ చేతిలో లేదు. నెట్ కంపెనీని ‘పబ్లిక్ ఐపీ ఇస్తారా?’ అని అడగండి. చాలాచోట్ల విడిగా చార్జ్ ఉంటుంది. ఐపీవీ6 ఉందా అని కూడా అడగండి. గేమ్ సపోర్ట్ చేస్తే దాంతో ఈ రెండో గేటు తప్పుతుంది. మొబైల్ హాట్‌స్పాట్‌కి మారినా లాభం తక్కువే, అక్కడా చాలావరకు సీజీనాటే.

ఈలోపు? ఓపెన్ ఉన్నవాడితో లాబీ పెట్టించండి. అతని వరకైనా దారి తెరిచే ఉంటుంది.