అమ్మని షేరుకి పన్నేమిటండీ?

"ఆప్షన్లు వెస్ట్ అవగానే ఎక్సర్‌సైజ్ చేసెయ్, పన్ను కలిసొస్తుంది" అని ఆఫీసులో తెగ చెప్పేస్తుంటారు. అది అమెరికా సలహా. అక్కడ కొన్ని కంపెనీల్లో వెస్ట్ కాకముందే కొని, 30 రోజుల్లో 83(b) పంపే వీలుంది. మనకి అలాంటిది లేదు.

లెక్క చూడండి. లిస్టు కాని కంపెనీలో 1,000 ఆప్షన్లు, ధర 10 రూపాయలు, మర్చంట్ బ్యాంకరు కట్టిన విలువ 510. ఎక్సర్‌సైజ్ చేస్తే తేడా 5 లక్షలు మీ జీతంలో కలిపేస్తారు. 30 శాతం శ్లాబులో సెస్సుతో పన్ను 1,56,000. షేర్లకి 10,000 వేరే. కొనేవాడు మాత్రం లేడు!

తర్వాత షేరు 100కి పడిపోయి అమ్మేస్తే చేతికొచ్చేది లక్ష. 4,10,000 నష్టం చూపించొచ్చు గానీ జీతం మీద సర్దుకోనివ్వరు. కట్టిన పన్ను కట్టినట్టే.

2020 బడ్జెట్లో వాయిదా ఇచ్చారుగా అంటారేమో. అది పన్ను మినహాయింపు సర్టిఫికెట్ దక్కిన స్టార్టప్‌లకే, పైగా ఉద్యోగం మానేస్తే వెంటనే కట్టాలి. ఇదేం ఉపకారమో!

తేడా పదో ఇరవయ్యో ఉన్నప్పుడైతే, పోయినా ఫర్వాలేదనుకున్న డబ్బుతో తీసుకోండి. 24 నెలలు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతమే, సెస్సు అదనం. తేడా వందల్లోకి వెళ్ళాక మాత్రం బైబ్యాకో ఐపీఓనో ఖాయమయ్యేదాకా ఆగడమే. మానేసే ఆలోచనుంటే గ్రాంట్ లెటర్లో గడువు చూసుకోండి, చాలాచోట్ల 90 రోజులే ఇస్తారు.