తెలియనిది దాచనక్కరలేదు

"ఐదేళ్ల తరువాత ఎక్కడ ఉంటావు?" ఇంటర్వ్యూలో ఈ ప్రశ్నకు చాలామంది "ఇంజనీరునవుతాను" అని అప్పజెబుతారు. "ఏ ఇంజనీరు?" అనగానే తడబడతారు. "తెలియదు" అని ఊరుకున్నా చాలదు.

హోసూరులో పదో తరగతి ముగించి, ఉపకారవేతనం కోసం వచ్చిన బాలిక ఇలా చెప్పవచ్చు: "మూడేళ్లు మెకానికల్ డిప్లొమా చదువుతానండి. తరువాత ఉద్యోగమా, ఇంజనీరింగు రెండో సంవత్సరంలో చేరడమా అన్నది ఇంకా తేల్చుకోలేదు. లేతు మీద పనిచేశాక, యంత్రం నడపడం ఇష్టమో, రూపొందించడం ఇష్టమో తెలుస్తుంది. మూడో ఏట తేల్చుకుంటాను."

ఈ జవాబులో తెలిసినదీ తెలియనిదీ వేరుగా ఉన్నాయి. తెలియనిది ఎప్పుడు, దేనివల్ల తెలుస్తుందో కూడా ఉంది. అడిగేవారు చూసేది ఆ ఆలోచననే. రేపు మనసు మారినా, ఆమె నేడు చెప్పినది అబద్ధం కాబోదు.