పదమూడో అధ్యాయం గుమ్మంలో ఒక ప్రశ్న

బాగేపల్లి నుంచి ఒక రచయిత పంపిన వ్యాసాన్ని గత సంచికలో వేశాం. ఈ శరీరమే క్షేత్రమన్న గీతా వాక్యాన్ని పొలం దున్నే మనిషి కంటితో చదివి, అర్థం చెప్పిన వ్యాసం అది. ఆధారంగా ‘గీత 13-2’ అని ఇచ్చారు. పది రోజులు తిరక్కుండానే చింతామణి నుంచి ఒక పెద్దాయన ఉత్తరం రాశారు. తన పుస్తకంలో 13-2 తీసి చూస్తే అక్కడ శరీరం ఊసే లేదని, అన్ని క్షేత్రాల్లోనూ ఉన్న క్షేత్రజ్ఞుణ్ణి నేనే అని కృష్ణుడు చెప్పే శ్లోకం ఉందని, వ్యాసకర్త గీత తెరవకుండానే రాశారా అని ఆయన నిలదీశారు.

ఇద్దరి పుస్తకాలూ తెప్పించి పక్కపక్కన పెట్టుకుని చూశాం. ఇద్దరూ సరిగ్గానే చదివారు. రచయితది కన్నడ లిపిలో అచ్చయిన పుస్తకం. మన చిక్కబళ్లాపుర ప్రాంతంలో ఇది మామూలే. ఇంట్లో మాట తెలుగు, బడిలో నేర్చిన అక్షరం కన్నడం; కైవారం తాతయ్య తెలుగు కీర్తనల్ని కూడా కన్నడ అక్షరాల్లోనే చదువుకునే ఇళ్లు ఎన్నో. పెద్దాయనది గోరఖ్‌పుర్ గీతాప్రెస్ వారి తెలుగు ప్రతి. అయితే తేడా లిపిలో లేదు. మొదటి పుస్తకంలో పదమూడో అధ్యాయం అర్జునుడి ప్రశ్నతో మొదలవుతుంది. ప్రకృతి, పురుషుడు, క్షేత్రం, క్షేత్రజ్ఞుడు, జ్ఞానం, జ్ఞేయం, ఈ ఆరింటినీ తెలుసుకోవాలని ఉందంటాడు. రెండో పుస్తకంలో ఆ శ్లోకం లేదు. కృష్ణుడే నేరుగా మాట అందుకుంటాడు. ప్రశ్నకు అంకె వేస్తే అధ్యాయంలో 35 శ్లోకాలు, మొత్తం గీతలో 701. అది లేకపోతే 34, మొత్తం 700. కొన్ని పుస్తకాలు ప్రశ్నను అచ్చు వేసి అంకె మాత్రం వేయవు. వాటిలో శ్లోకమూ ఉంటుంది, లెక్కా 700 దగ్గరే ఆగుతుంది.

ఆ ఒక్క అంకె జరగడంతో రెండు పుస్తకాల 13-2లు రెండు వేర్వేరు శ్లోకాలయ్యాయి. అందులో ఒకటి వ్యాఖ్యాతలు శతాబ్దాలుగా వాదించుకుంటున్న చోటు. క్షేత్రజ్ఞుణ్ణి నేనే అన్న మాటను శంకరులు జీవేశ్వరుల ఏకత్వంగా వివరిస్తే, రామానుజులు శరీరానికీ ఆత్మకూ ఉన్న సంబంధంగా వివరించారు. పొలం గురించిన సాదా వాక్యాన్ని ఉదాహరించిన మా రచయిత, తెలియకుండానే అద్వైత విశిష్టాద్వైతాల వాదంలో నిలబడ్డారు.

ఆ ప్రశ్న తరవాత చేరిందేనని నాకనిపిస్తుంది. శంకరులు తన భాష్యం ఉపోద్ఘాతంలోనే గీతకు ఏడువందల శ్లోకాలని చెప్పారు. ఈ శ్లోకానికి ఆయన భాష్యం లేదు. పుణెలోని భండార్కర్ సంస్థ మహాభారత పరిష్కరణలో 1947లో వెలువడిన భీష్మపర్వానికి శ్రీపాద కృష్ణ బెల్వల్కర్ సంపాదకుడు. ఆయన కూడా దీన్ని మూలంలోకి తీసుకోలేదు. అధ్యాయం ప్రశ్నతోనే మొదలవ్వాలన్న నియమమూ గీతలో లేదు. ఏడు, తొమ్మిది, పది, పదిహేను, పదహారు అధ్యాయాలను కృష్ణుడే ఎవరూ అడగకుండా మొదలుపెట్టాడు. పన్నెండో అధ్యాయం అర్జునుడి ప్రశ్నతో, పద్నాలుగోది కృష్ణుడి మాటతో మొదలవుతాయి. మధ్యలో దీనికి ప్రశ్న లేకపోవడం ఎవరికో వెలితిగా తోచి ఉంటుంది. అందులో అడిగిన ఆరు విషయాలూ అధ్యాయంలో వచ్చేవే కాబట్టి, చూడటానికి అది విషయసూచికలా కూడా ఉంటుంది. అయినా పారాయణలో తరతరాలుగా ఆ శ్లోకం చదువుతున్న ఇళ్లున్నాయి. వాళ్లను మానమనే హక్కు పత్రికకు లేదు. మా పని అంకె తేల్చడం వరకే.

ఆ అంకె విషయంలో, అట్ట మీద ‘700’ అని ఉంటే చాలు, ఫరవాలేదనుకోవడం పొరపాటు. ఇస్కాన్ వారి ‘భగవద్గీత యథాతథము’ చూడండి. అందులో అర్జునుడి ప్రశ్న ఉంది, పదమూడో అధ్యాయంలో 35 శ్లోకాలున్నాయి. మొత్తం మాత్రం 700! తగ్గిన ఆ ఒక్కటి మొదటి అధ్యాయంలో ఉంది. అందరి పుస్తకాల్లో అక్కడ 47 అయితే ఇందులో 46. ఒక్క పాదమూ పోలేదు. శ్లోకానికి మామూలుగా రెండు పంక్తులు కదా, 26వ శ్లోకానికీ 36వ శ్లోకానికీ మూడేసి పంక్తులు కలిపారు. ఆ రెండు అదనపు పంక్తులే ఒక శ్లోకం. 26 దాటాక అర శ్లోకం, 36 దాటాక పూర్తి శ్లోకం ముందుకు జరుగుతుంది. అర్జునుడి చేతిలోంచి గాండీవం జారే మాట ఒక పుస్తకంలో 1-30లో ఉంటే, ఇందులో 1-29లో దొరుకుతుంది. ఒక చోట పెరిగింది, ఇంకో చోట తగ్గింది, కూడిక సమానమైంది.

పుస్తకం చేతికి రాగానే మొత్తం లెక్క వదిలేసి, మొదటి అధ్యాయం చివరి అంకె, పదమూడో అధ్యాయం చివరి అంకె చూడాలి. 47, 34 ఉంటే ఒక రకం. 47, 35 ఉంటే 701 రకం. 46, 35 ఉంటే ఇప్పుడు చెప్పిన రకం. మనకు మామూలుగా దొరికే పుస్తకాల్లో పేచీ ఎక్కువగా ఈ రెండు అధ్యాయాల్లోనే వస్తుంది.

745 అనే అంకె కూడా అప్పుడప్పుడు ఉత్తరాల్లో కనిపిస్తుంది. అసలు గీత పోయిందని, మిగిలిన 45 శ్లోకాలు ఎవరో దాచారని కోపంగా రాసేవాళ్లున్నారు. అది మహాభారతంలోనిదే. గీత ముగిశాక భీష్మపర్వంలో, కొన్ని ప్రతుల్లో, ఒక లెక్క కనిపిస్తుంది. కృష్ణుడివి 620, అర్జునుడివి 57, సంజయుడివి 67, ధృతరాష్ట్రుడిది ఒకటి. కూడితే 745. మన చేతిలో ఉన్న 700లో కృష్ణుడివి 574, అర్జునుడివి 84, సంజయుడివి 41, ధృతరాష్ట్రుడిది ఒకటి. కొన్ని శ్లోకాలు పోవడమే కారణమైతే అర్జునుడి వాటా కూడా తగ్గాలి. 57 కాస్తా 84 ఎలా అవుతుంది? కాబట్టి 45 శ్లోకాలు ఎక్కడో మిగిలి ఉన్నాయని ఈ లెక్క చెప్పడం లేదు. ఎవరి మాట ఎక్కడ ముగిసిందన్న విభజనే వేరుగా ఉండి ఉండాలి, లేదా లెక్కించినవారి ముందున్న పాఠమే వేరు. పుణె పరిష్కరణ ఈ లెక్కను మూలంలో ఉంచలేదు. నిజంగా అదనపు శ్లోకాలున్నది కాశ్మీర పాఠంలో. దాన్ని 1930లో జర్మన్ పండితుడు ష్రాడర్ ప్రకటించారు. అందులో అదనంగా ఉన్నవి కూడా 45 కావు, పద్నాలుగు శ్లోకాలు, నాలుగు అర శ్లోకాలు.

భారతం నుంచి గీతను ఉదాహరించేవారికి ఇంకో చిక్కుంది. పాత బొంబాయి ముద్రణలో గీత భీష్మపర్వం 25 నుంచి 42 అధ్యాయాల వరకు ఉంటే, పుణె ముద్రణలో 23 నుంచి 40 వరకు. భీష్మపర్వం 40వ అధ్యాయం అని మాత్రమే రాస్తే, ఒకరికి గీత పద్దెనిమిదో అధ్యాయం తగులుతుంది, ఇంకొకరికి పదహారోది.

ఇకపై వ్యాసాలు పంపేవారు అధ్యాయం, శ్లోకం అంకెలతో పాటు శ్లోకం మొదటి రెండు మాటలూ రాయాలని కోరుతున్నాం. వ్యాసం చివర పుస్తకం పేరు, ప్రచురణకర్త, అచ్చయిన సంవత్సరం ఒకసారి ఇస్తే చాలు. పదమూడో అధ్యాయమైతే అర్జునుడి ప్రశ్నకు అంకె వేసిన ప్రతో కాదో కూడా చెప్పాలి. అంకె జరిగినా మొదటి మాటలు జరగవు. ఇది మనవాళ్లకు కొత్తేమీ కాదు. కైవారంలో భజనకు కూర్చున్నవాళ్లు తాతయ్య కీర్తన కావాలంటే అంకె చెప్పి అడగరు, పల్లవి అందుకుంటారు.

గత సంచిక వ్యాసంలోని ఆధారాన్ని పాఠకులు ఇలా సవరించుకోవాలి: గీత, అధ్యాయం 13, ‘ఇదం శరీరం’ అని మొదలయ్యే శ్లోకం, ప్రశ్నను లెక్కించిన ప్రతుల్లో 2, లెక్కించని ప్రతుల్లో 1. చింతామణి పెద్దాయనకు ఈ సంచికతో పాటు ఆ రచయిత పుస్తకంలోని ఆ పుట నకలు కూడా పంపుతున్నాం.