ఈ తీర్పరి ఎందులో తీర్పరి?

ఈమధ్య వెలువడిన ఒక కథల పోటీ ప్రకటనలో రచయితలకు విధించిన నిబంధనలు సగం పేజీ ఆక్రమించాయి. కథ ఎన్ని పేజీలు మించకూడదో, హామీపత్రంలో ఏం రాయాలో, రాతప్రతి మీద పేరుంటే ఏమవుతుందో అన్నీ వివరంగా ఉన్నాయి. ఆ కథలను తూచబోయే ముగ్గురు న్యాయనిర్ణేతలకు మాత్రం తలా మూడు పంక్తులు దక్కాయి. ప్రముఖ కవి, కథకులు, వక్త; బహుగ్రంథకర్త; పలు ప్రతిష్ఠాత్మక పురస్కారాల గ్రహీత. ఫొటోలు అటూ ఇటూ మార్చినా పరిచయాలు చక్కగా సరిపోతాయి. వీరు ఇంతకుముందు ఎక్కడైనా కథలు ఎంపిక చేశారా, చేస్తే ఏ దశలో చేశారు, కథ గురించి ఏమైనా రాశారా అన్న ముక్క వెతికినా దొరకదు. కొందరు రచయితలు అదే అడిగితే నిర్వాహకులు నొచ్చుకున్నారట. అంతటివారికి పరిచయం కావాలా అన్నది వారి జవాబు. కావాలనే మా వాదన. అదీ సన్మానపత్రం బాణీలో కాదు.

కథ రాయడం, కథల్లో ఒకదాన్ని ఎంచడం వేర్వేరు పనులు. రచయిత తన దారిని నమ్ముకుని వెళ్తాడు, వెళ్లాలి కూడా. న్యాయనిర్ణేత తనకు నచ్చని దారిలో నడిచిన కథ కూడా బాగా నడిచిందో లేదో చెప్పగలగాలి. పైగా ఈ పనిలో అలవాటు ఉంటే తప్ప తెలియని చిక్కులున్నాయి. మన పోటీల్లో ఎక్కువగా జరిగేది ఇది: వచ్చిన కథలను కార్యాలయంలో వడపోసి, మిగిలినవాటిని ముగ్గురికీ పంపుతారు. పదేసి మార్కులకు వేయించి, కూడి, ఎక్కువొచ్చిన కథకు బహుమతి ఇస్తారు. ఒక కథకు ఇద్దరు తొమ్మిదేసి వేసి, మూడోవారు నాలుగు వేస్తే మొత్తం 22. ఎవరినీ కదిలించని, ఎవరినీ నొప్పించని మరో కథకు ఏడు, ఎనిమిది, ఎనిమిది పడితే 23. ఇద్దరికి ఆ ఏటి ఉత్తమ కథ అనిపించింది పక్కకు పోయి, ఎవరికీ ఉత్తమమనిపించనిది మొదటి బహుమతి పట్టుకుపోతుంది. ఇంకో మెలిక కూడా ఉంది. ఒకరు మొహమాటంతో అన్ని కథలకూ ఆరూ ఏడూ వేస్తారు, మరొకరు రెండు నుంచి తొమ్మిది దాకా విచ్చలవిడిగా వేస్తారు. కూడికలో మొహమాటస్థుడి ఓటుకు విలువే ఉండదు, ఫలితమంతా రెండోవారి చేతిలోకి పోతుంది. ఒకటి రెండు పోటీలు చూసినవారు దీన్ని పసిగట్టి, మార్కులు కూడే ముందు కూర్చుని మాట్లాడుకుందాం అంటారు. చూడనివారు చీటీ మడిచి పంపేస్తారు. ఎన్ని అవార్డులు వచ్చినా ఈ ఎరుక రాదు. పరిచయంలో ఒక పంక్తిని ఎంపిక అనుభవానికి కేటాయించమనడం అందుకే.

రెండోది విషయం మీద పట్టు. సాహిత్యం మీద పట్టు అంటే దేని మీద? నాటక పరిషత్తుల్లో రచనకు, దర్శకత్వానికి, ఆహార్యానికి, రంగాలంకరణకు విడివిడిగా బహుమతులిస్తారు. ముందు వరుసలో కూర్చున్న ముగ్గురిలో ఒక్కరికీ రంగాలంకరణ తెలియకపోతే ఆ విభాగంలో తీర్పు ఎలా వస్తుందో నాటకం వాళ్లను అడిగితే చెబుతారు. కథకూ అంతే. ఉత్తరాంధ్ర మాటలోనో, పాలమూరు మాటలోనో రాసిన కథను ఆ నుడి ఎరగనివారు రెండు రకాలుగా చెడగొట్టగలరు. అర్థంకాక తోసెయ్యడం ఒకటి. ఇంకోటి, యాస కనబడగానే మురిసిపోయి, అది అరువు యాసో అసలు యాసో తేల్చుకోలేక అందలమెక్కించడం. రెండోదే ఈ రోజుల్లో ఎక్కువ. పిల్లల కథల పోటీకి పద్యకవినీ, చారిత్రక నవలల పోటీకి సినీ రచయితనూ కూర్చోబెడితే నిర్వాహకులకు సభ నిండుతుంది, పోటీకి ఒరిగేదేమీ ఉండదు.

పరిచయం చిన్నదైనా నిజం చెబితే ఏం జరుగుతుందో 2011 బుకర్ బహుమతి చూపించింది. ఆ ఏడు న్యాయనిర్ణేతల బృందానికి అధ్యక్షురాలు స్టెల్లా రిమింగ్టన్. బ్రిటన్ గూఢచారి సంస్థ ఎమ్ఐ5కి ఒకప్పటి అధిపతి, తర్వాత గూఢచారి నవలలు రాశారు. ఇదంతా అందరికీ ముందే తెలుసు, ఎవరూ దాచలేదు. తుది జాబితా వచ్చాక, చదివించే గుణానికి ప్రాధాన్యమిచ్చామని న్యాయనిర్ణేతలు అన్నారు. దాంతో దుమారం లేచింది. ఎవరు ఏ కొలమానంతో కొలుస్తున్నారో జనానికి కనబడింది కనుకే కొలమానం మీద తగవు పెట్టుకోగలిగారు. ఆ తగవులోంచే మరో బహుమతికి బీజం పడింది, అదే 2014లో మొదటిసారి ఇచ్చిన ఫోలియో బహుమతి. ఇంతకీ 2011 బుకర్ జూలియన్ బార్న్స్‌కు వెళ్లింది, ఆ ఎంపికను తప్పుబట్టినవారు తక్కువే. మన దగ్గర తగవు ఎప్పుడూ మనిషి మీదికే పోతుంది. ఫలానావారు ఫలానా జిల్లా, ఫలానా వర్గం, ఫలానావారి శిష్యుడు అంటాం. కొలమానం ఏమిటో చెప్పని చోట గుసగుసలే మిగులుతాయి.

చోటు చాలదనేవారికి నమూనా ఇస్తున్నాం: "కథకులు. ఫలానా వారపత్రికలో ఆరేళ్లు కథల ఎంపిక చూశారు. రెండు పోటీలకు న్యాయనిర్ణేత. ఒకదానిలో తొలి వడపోత, మరోదానిలో తుది నిర్ణయం. రాయలసీమ కథ మీద విమర్శ గ్రంథం వెలువరించారు. నిర్వాహక సంస్థలో సభ్యులు కారు." ఇందులో ఒక్క పొగడ్త లేదు. వడపోత, తుది నిర్ణయం విడదీసి చెప్పడం మా చాదస్తం కాదు. వందల కథల్లోంచి ఇరవై ఏరిన కన్ను వేరు, ఏరిపెట్టిన ఇరవైలో ఒకటి తీసిన కన్ను వేరు. మొదటిదానికే ఎక్కువ ఓపిక కావాలి, తప్పు జరిగితే కథ ఎవరి కంటా పడకుండా పోయేదీ అక్కడే. నమూనాలో సంబంధాన్ని తేల్చిచెప్పే ఆఖరి వాక్యం చాలామందికి మింగుడుపడదని తెలుసు. ముందుమాటలు రాసి, పుస్తకాలు ఆవిష్కరించి, అదే రచయితల కథలకు మార్కులు వేసేవారు మనలో తక్కువేం కాదు.

పేర్లు, వివరాలు ముందే బయటపెడితే సిఫార్సులు మొదలవుతాయన్నది ఒక అభ్యంతరం. అలాగైతే ఫలితాలతోపాటు వెయ్యండి, అప్పుడైనా వెయ్యండి. సాహిత్య అకాడెమీ ఒక్కో భాషకు ముగ్గురు జ్యూరీ సభ్యుల పేర్లను పురస్కారాలతోపాటు వెల్లడిస్తూనే ఉంది. అనుభవమే గీటురాయి అయితే కొత్తవారికి చోటెక్కడ అన్నది ఇంకాస్త బరువున్న ప్రశ్న. కొత్తవారు రావాలి. "ఇది వీరి తొలి ఎంపిక, ఐదేళ్లుగా కొత్త కథలపై సమీక్షలు రాస్తున్నారు" అని ఉన్నది ఉన్నట్టు చెబితే ఎవరూ చిన్నచూపు చూడరు. పక్కన ఒక అనుభవజ్ఞుడిని వేసుకునే బాధ్యత నిర్వాహకులది. లేని అనుభవాన్ని పురస్కారాల శాలువాతో కప్పడమే మాకు సమ్మతం కాదు.

పోటీ ప్రకటనలను ఈ పత్రిక ఉచితంగా ప్రచురిస్తోంది, ఇకముందూ ప్రచురిస్తుంది. వచ్చే సంచిక నుంచి మాత్రం న్యాయనిర్ణేతల ఎంపిక అనుభవం, వారికి పట్టున్న విషయం, నిర్వాహకులతో వారి సంబంధం తెలపని ప్రకటనలను వేసుకోం. ఫలితాల దాకా పేర్లు గుట్టుగా ఉంచదలచినవారు ఆ మాట రాసి పంపితే చాలు, ఫలితాలతోపాటు వివరాలు అడిగి వేస్తాం.